ఇతర అంశాలు స్థిరంగా ఉన్నప్పుడు

ఇంటర్ మొదటి సంవత్సరంలో నేను తప్పింది నాకు బాగా వచ్చనుకున్న సబ్జెక్టులోనే. చరిత్ర, పౌరశాస్త్రం గైడు చూసి బట్టీపట్టి గట్టెక్కాను. అర్థశాస్త్రం మాత్రం ఇష్టంగా చదివాను. అందులో నూటికి ఇరవై ఆరు వచ్చాయి. పాసవ్వాలంటే ముప్పై అయిదు రావాలి.

మాది బందరు అని మేం పిలిచే మచిలీపట్నం పక్కన గిలకలదిండి. నాన్న మరబోటు మీద కళాసి. అమ్మ గంపతో చేపలు అమ్మేది. చిన్నప్పుడు బడికి వెళ్ళే ముందు అమ్మతో కలిసి రేవుకి వెళ్ళేదాన్ని. బోట్లు వరసగా వచ్చిన రోజున వేలం పాట ఎంత కిందినుంచి మొదలవుతుందో, తుపాను హెచ్చరిక వచ్చి రెండే బోట్లు కదిలిన రోజున అదే రకం చేపకి ఎలా ఎగబడతారో కళ్ళారా చూస్తూ పెరిగాను. కాలేజీలో లెక్చరర్ సప్లై, డిమాండ్ అని బోర్డు మీద గీతలు గీస్తుంటే, ఇంతేనా, ఇది మా రేవే కదా అనుకున్నాను. పరీక్షలో కూడా అలాగే రాశాను. పుస్తకంలో మాటలు కాకుండా నా మాటల్లో, మా రేవు గురించి పేజీలకు పేజీలు రాశాను. హాల్లోంచి బయటికొస్తూ తొంభై ఖాయమని స్నేహితురాలితో చెప్పాను కూడా.

ఫలితాలు వచ్చిన రోజు నాన్న ఇంట్లోనే ఉన్నాడు. వేసవిలో చేపల వేట నిషేధం మొదలై బోట్లన్నీ రేవులో కట్టేసి ఉన్నాయి. వల అల్లుతూ, తలెత్తకుండానే అన్నాడు.

"రొయ్యల షెడ్డులో మనుషులు కావాలంటన్నారు. ఇంట్లో కూర్చుని ఏడ్చేకంటే అదే నయం."

తిట్టడానికి అన్న మాట కాదది. చదువు నాకు పడలేదని ఆయన నిజంగానే అనుకున్నాడు. అందుకే నాకు ఎక్కువ బాధ కలిగింది.

మర్నాడు పొద్దున్నే అమ్మ ఎప్పటిలా గుడివాడ రైలెక్కింది. నిషేధం ఉన్న ఆ రెండు నెలలూ సముద్రం చేప దొరకదు కాబట్టి, ఖాళీ గంపతో గుడివాడ వెళ్ళి, ముదినేపల్లి వైపు చెరువుల నుంచి వచ్చే శీలావతి, బొచ్చె కొని, అక్కడే వీధుల్లో తిరిగి అమ్మేది. మధ్యాహ్నం తిరిగొచ్చి, కాళ్ళు కడుక్కుంటూ చెప్పింది.

"రేపు నాతో రా. కాలవ గట్టు పక్క వీధిలో ఒక మేడమ్ గారున్నారు. కాలేజీలో నీ సబ్జెక్టే చెప్పి రిటైరయ్యారంట. పిల్ల తప్పిందండీ అన్నాను. తీసుకురా, చూద్దాం అన్నారు."

"ఆవిడకి మనం ఎలా తెలుసు?"

"పదేళ్ళనించీ నా దగ్గరే కొంటన్నారు. తాజాదో కాదో అని మొప్పలెత్తి చూడకుండా కొనేది ఆవిడొక్కత్తే."

అలా నేను మొదటిసారి ఆ ఇంటి వరండాలోకి వెళ్ళాను. మేడమ్ గారు బక్కపలచని మనిషి. మెడలో తాడుకి కళ్ళజోడు వేలాడుతోంది. అమ్మ నన్ను అక్కడ దిగబెట్టి గంపెత్తుకుని వీధిలోకి వెళ్ళిపోయింది. మేడమ్ నా మార్కులు అడగలేదు. ఎందుకు తప్పావని కూడా అడగలేదు. కుర్చీ చూపించి, "డిమాండ్ సూత్రం చెప్పమ్మా" అన్నారు.

నేను హుషారుగా మొదలుపెట్టాను. "చేప ధర తగ్గితే జనం ఎక్కువ కొంటారండీ. పెరిగితే తక్కువ కొంటారు. అయితే అది అన్నివేళలా నిజం కాదండీ. కార్తీక మాసంలో ధర ఎంత తగ్గినా మా అమ్మ గంప ఖాళీ అవ్వదు. అప్పుడు చాలామంది నీసు ముట్టరు. అంచేత ఆ సూత్రం మా దగ్గర పనిచెయ్యదు."

ఆవిడ చివరిదాకా విన్నారు. ముఖంలో నవ్వు కూడా కనిపించింది.

"బాగా చెప్పావు. పదికి రెండు."

"తప్పు చెప్పానాండీ?"

"తప్పని ఎవరన్నారు? నేను చాలా ఏళ్ళు స్పాట్‌కి వెళ్ళాను. స్పాట్ వేల్యుయేషన్ అంటే తెలుసుగా, పేపర్లు దిద్దే క్యాంపు. పొద్దున ఒక కట్ట, మధ్యాహ్నం ఒక కట్ట ముందు పెడతారు. పక్కన ఒక కాగితం పెడతారు. ఏ ప్రశ్నకి జవాబులో ఏమేం ఉండాలి, దేనికెన్ని మార్కులు అన్నది అందులో ఉంటుంది. ఏటా ఒకేలా ఉండదు గానీ, ఇలాంటి పది మార్కుల ప్రశ్నకి సుమారుగా చెప్తాను చూడు."

ఆవిడ ఒక తెల్ల కాగితం తీసి రాశారు. నిర్వచనం. ప్రమేయాలు, అంటే ఏ షరతుల మీద ఆ సూత్రం నిలుస్తుందో అవి. పట్టిక. రేఖాపటం, వివరణ. మినహాయింపులు. ఒక్కొక్కదాని పక్కనా రెండు అని వేశారు.

"నువ్వు ఇందులో ఏం చెప్పావు?"

నేను కాగితం మీద ఒక్కొక్కటీ చూసుకున్నాను. నిర్వచనం సగం చెప్పాను. షరతులు లేవు. పట్టిక లేదు. పటం లేదు.

"నిర్వచనం రాసుకో" అని నెమ్మదిగా చెప్పారు. "ఇతర అంశాలు స్థిరంగా ఉన్నప్పుడు, ఒక వస్తువు ధర తగ్గితే దాని డిమాండ్ పరిమాణం పెరుగుతుంది, ధర పెరిగితే డిమాండ్ పరిమాణం తగ్గుతుంది. ధరకూ డిమాండ్ పరిమాణానికీ విలోమ సంబంధం ఉంటుంది. ఇందులో మూడు మాటల కింద గీత గియ్యి."

ఏ మూడో నాకు తెలియలేదు. ఆవిడే గీశారు. ఇతర అంశాలు స్థిరంగా. డిమాండ్ పరిమాణం. విలోమ సంబంధం.

"దిద్దేవాళ్ళ కన్ను వెతికేది వీటినే. ఇవి కనిపిస్తే పక్కన టిక్కు పడుతుంది. కనిపించకపోతే కథ రాసిందనుకుని పేజీ తిప్పేస్తారు."

ఆ రోజు రైల్లో అమ్మ వైపు కాకుండా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను. నాకు చాలా కోపంగా ఉంది. పుట్టినప్పటినుంచీ చూస్తున్న విషయాన్ని, నేనెప్పుడూ నోటితో పలకని మాటల్లో చెబితేనే మార్కులు వేస్తారట. ఎవరైనా మా రేవులో నిలబడి విలోమ సంబంధం అంటారా? పెడన దాటాక అమ్మ అడిగింది.

"ఏమన్నారు?"

"బట్టీ కొట్టమన్నారు."

"మరి కొట్టు."

అంతే. వారానికి నాలుగు రోజులు అమ్మతో గుడివాడ వెళ్ళడం మొదలైంది. అమ్మకి చదువు రాదు. కానీ రైల్లో నా నోట్సు తన ఒళ్ళో పెట్టుకుని నా ఎదురుగా కూర్చునేది. నేను అప్పజెబుతుంటే నా నోటినే చూసేది. ఎక్కడైనా తడబడితే వెంటనే పట్టేసేది.

"ఆగావు. మళ్ళీ మొదట్నించీ."

"నీకేం తెలుసు, నేను ఆలోచిస్తున్నానేమో."

"నిన్న అక్కడ ఆగలేదుగా."

ఉపాంత ప్రయోజనం, అవకాశ వ్యయం, స్వేచ్ఛా వస్తువులు, ఆర్థిక వస్తువులు. రెండు మార్కుల ప్రశ్నలకి రెండేసి వాక్యాలు. మేడమ్ వాటిని లెక్కబెట్టి నేర్పించారు. మొదటి వాక్యంలో నిర్వచనం, రెండో వాక్యంలో ఉదాహరణ. మూడో వాక్యం రాస్తే కొట్టేసేవారు. "ఆ టైము పది మార్కులదానికి దాచుకో." అయిదు మార్కుల ప్రశ్నలో తేడాలు అడిగితే మధ్యలో గీత గీసి, అటొక అంశం, ఇటొక అంశం ఎదురెదురుగా రాయాలి. పటం గీస్తే అక్షాలకి పేర్లు పెట్టాలి. పేర్లు లేని పటం ఉత్త గీతలే అనేవారు. నేను ప్రతిసారీ పరిమాణం అనే మాట మర్చిపోయి "డిమాండ్ పెరుగుతుంది" అని రాసేదాన్ని. ఆవిడ ప్రతిసారీ ఎర్ర పెన్నుతో అక్కడ చిన్న సున్నా చుట్టేవారు.

రెండో వారంలో ఒకరోజు అడిగేశాను.

"ఎందుకండీ ఇదంతా? విషయం అర్థమైతే చాలదా? ఈ మాటలు రానంత మాత్రాన నాకు తెలియదని ఎలా అంటారు?"

మేడమ్ లోపలికి వెళ్ళి మజ్జిగ తెచ్చి నా చేతికిచ్చారు. తరవాత, "మీ కార్తీక మాసం సంగతి మళ్ళీ చెప్పు" అన్నారు.

చెప్పాను.

"ఆ నెలలో ధర తగ్గినా ఎందుకు కొనరు?"

"నీసు తినరు కదండీ."

"అంటే మారింది ఏమిటి? ధరా, మనుషులా?"

"మనుషులండీ. వాళ్ళ తిండి మారింది."

"దాన్ని పుస్తకంలో ఏమంటారు? నిన్న షరతుల్లో రాశావు."

ఆలోచించాను. వినియోగదారుని అభిరుచులలో మార్పు ఉండరాదు. అది మొదటి షరతు. రెండోది ఆదాయం మారకూడదు. మూడోది ప్రత్యామ్నాయ వస్తువుల ధరలు మారకూడదు. నోటికి వచ్చినవే. కానీ అప్పటిదాకా అవి నాకు మార్కుల కోసం పేర్చిన మాటలు మాత్రమే.

"అభిరుచులు మారాయండీ" అన్నాను.

"అయితే ఇతర అంశాలు స్థిరంగా ఉన్నాయా?"

"లేవండీ."

"మరి సూత్రం తప్పెలా అయింది? నీ కార్తీక మాసం సూత్రాన్ని కొట్టెయ్యలేదమ్మా. ఆ మొదటి మాట ఎందుకు పెట్టారో చూపిస్తోంది. ధర తగ్గితే మనుషులు అదే గీత మీద కిందికి జారతారు. అది డిమాండ్ పరిమాణం పెరగడం. కార్తీకంలో అసలు గీతే ఎడమ పక్కకి జరిగిపోతుంది. అది డిమాండ్ తగ్గడం. నేను పరిమాణం, పరిమాణం అని నిన్ను అన్నిసార్లు సతాయించింది అందుకే."

నేను గ్లాసు పక్కన పెట్టి కాగితం మీద ఒక గీత గీశాను. దానికి ఎడమవైపు ఇంకో గీత గీశాను. మొదటిదాని పక్కన భాద్రపదం అనీ, రెండోదాని పక్కన కార్తీకం అనీ రాశాను. మేడమ్ వంగి చూసి, "అక్షాలకి పేర్లేవి?" అన్నారు.

నాలో ఏదో తేలికపడింది. ఎన్ని ఏళ్ళుగానో చూస్తున్నాను గానీ, రేవులో ఒక రోజుకీ ఇంకో రోజుకీ తేడా ఎందుకొస్తుందో విడదీసి చెప్పగల మాట నా దగ్గర లేదు. ఇప్పుడుంది. వేట నిషేధం ఒక ఇతర అంశం. పెళ్ళిళ్ళ ముహూర్తాలు ఒకటి. కోడిమాంసం ధర ఒకటి. రైల్లో తిరిగి వెళ్తుంటే ఇవన్నీ అమ్మకి చెప్పాను. అమ్మ శ్రద్ధగా విని, "మాకు తెలీదా ఏంటి? పేరే తెలీదు" అంది.

రెండు రోజుల తరవాత మేడమ్ గారి వీధిలోనే ఒకావిడ అమ్మని నిలదీయడం చూశాను. "మొన్న ఇదే సైజు చేప తక్కువకిచ్చావు, ఇవాళ ఏంటీ రేటు?" అందావిడ. అమ్మ గంప దించి, చాలా గంభీరంగా అంది.

"మొన్న ఇతర అంశాలు వేరండీ."

ఆవిడ ఇంకేమీ బేరమాడకుండా కొనేసింది. వరండాలో మేడమ్, నేను నవ్వాపుకోలేకపోయాం.

ఈలోగా నా పాత పేపరు వచ్చింది. రీవెరిఫికేషన్‌కి పెడితే దిద్దిన పేపరు నకలు చూసుకోవచ్చని మేడమే చెప్పారు. మార్కులేమీ మారలేదు. బందరులో నెట్ సెంటర్లో ప్రింటు తీయించి పట్టుకెళ్ళాను. ఆవిడ పేజీ పేజీ చదివి, తన దగ్గరే పెట్టేసుకున్నారు.

తరవాతి సారి వెళ్ళేసరికి బల్ల మీద ఒక చిన్న కాగితాల కట్ట ఉంది. పన్నెండు జవాబులు, అన్నీ క్షీణోపాంత ప్రయోజన సూత్రం మీదే. ఒకే వస్తువుని వెంట వెంట వాడుతూ పోతే, అదనంగా వాడే ఒక్కొక్క యూనిట్ వల్ల కలిగే ప్రయోజనం తగ్గుతూ వస్తుందని చెప్పే సూత్రం. కొన్ని ఆవిడ పాత విద్యార్థులు అభ్యాసానికి రాసినవట, మిగతావి ఆవిడే ఎత్తి రాసినవట.

"ఇవాళ నువ్వు దిద్దు. ఇదిగో దిద్దే పద్ధతి. అరగంట టైము" అని ఎర్ర పెన్ను నా చేతికిచ్చి, లోపల పనుందని వెళ్ళిపోయారు.

కరెంటు లేదు. ఫ్యాను ఆగిపోయింది. చెమట కారి కాగితం మీద పడుతోంది. మొదటి రెండు జవాబులూ అక్షరం అక్షరం చదివాను. గడియారం చూస్తే ఎనిమిది నిమిషాలు అయిపోయాయి. ఇక అక్కణ్ణించి నా కళ్ళు వాటంతటవే గీత గీసిన మాటల కోసం వెతకడం మొదలుపెట్టాయి. నిర్వచనం ఉందా, ఉంది, రెండు. షరతులు ఉన్నాయా, సగం, ఒకటి. పట్టిక, పటం. తొమ్మిదో జవాబు పెద్దది. పేరాల మధ్య ఖాళీ లేకుండా రెండు పేజీలు ఉంది. పై నాలుగు లైన్లు చూశాను. ఎవరో ఆకలేసిన మనిషి మామిడిపళ్ళు తినడం గురించి ఉంది. పటం లేదు. రెండు మార్కులు వేసి తిప్పేశాను.

మేడమ్ వచ్చి కట్ట చూశారు. తొమ్మిదోది తీసి నా ముందు పెట్టారు.

"దీనికి రెండే వేశావే?"

"నిర్వచనం లేదండీ. కథలా రాశారు."

"ఇప్పుడు మెల్లిగా చదువు."

చదివాను. నిర్వచనం ఉంది, రెండో పేజీ మధ్యలో, వేరే మాటల్లో. షరతులు ఉన్నాయి, వాక్యాల్లో కలిసిపోయి. తినేవాడికి మధ్యలో విరామం ఉండకూడదని, పళ్ళన్నీ ఒకే సైజువై ఉండాలని చక్కగా రాసి ఉంది. ఆ వాక్యాల నడక నాకు తెలుసు. అవి నావే. మేడమ్ నా పాత పేపర్లోని జవాబుని తన చేతిరాతలో ఎత్తి రాశారు. నా ఉదాహరణలో వేయించిన కానాగంత చేపలు ఉంటే, నేను గుర్తుపట్టకుండా వాటిని మామిడిపళ్ళు చేశారు.

"అసలు దిద్దినాయన నీకు దీనికి నాలుగు వేశాడు" అన్నారు మేడమ్.

నేను వేసినదానికంటే రెండు ఎక్కువ. నాకు ఏడుపొచ్చింది. నెలరోజులుగా ముఖం తెలియని ఆ మనిషిని మనసులో ఎన్నో తిట్టుకున్నాను. ఆయన నాకంటే ఓపిగ్గా చదివాడు. నేను నా జవాబునే చదవలేదు.

మేడమ్ నా భుజం మీద చెయ్యి వేశారు. "నిన్ను ఏడిపించడానికి కాదమ్మా. నువ్వు రాసింది మంచి జవాబు. కాకపోతే చదివేవాళ్ళు అలిసిపోయి ఉంటారు. వాళ్ళకి దారి కనపడేట్టు రాయాలి. అది మర్యాద అనుకో, బట్టీ అనుకోకు."

ఆ తరవాత నేను మరి సణగలేదు. ప్రతి పేరా మొదట్లో అసలు మాట పెట్టడం, దాని కింద గీత గీయడం, ఆ తరవాతే నా సొంత ఉదాహరణ చెప్పడం అలవాటు చేసుకున్నాను. మా రేవుని వదులుకోనక్కర్లేదని కూడా అప్పుడే తెలిసింది. దాని చోటు మొదటి వాక్యం కాదు, మూడో వాక్యం.

సప్లిమెంటరీ పరీక్ష బందరులోనే రాశాను. మేడమ్ ముందురోజే ఫోన్ చేసి, "ముందు పేపరంతా చదువు, తరవాతే పెన్ను తియ్యి" అన్నారు. క్షీణోపాంత ప్రయోజనం వచ్చింది. జాతీయాదాయాన్ని లెక్కించే పద్ధతులు వచ్చాయి. రెండూ బాగా రాశాను. మూడోది డిమాండ్ ధర వ్యాకోచత్వం, అంటే ధర మారితే డిమాండ్ ఎంతగా స్పందిస్తుందన్నది. అక్కడ చెయ్యి ఆగిపోయింది. నిర్వచనంలో ఉండాల్సిన ఒక మాట ఎంత తవ్వినా రావడం లేదు. ధరలో వచ్చిన ఏదో మార్పుకి డిమాండ్ పరిమాణంలో వచ్చిన ఏదో మార్పు. ఆ "ఏదో" ఏమిటి? రైల్లో ఎప్పుడూ అమ్మ అక్కడే ఆపేది.

కాసేపు కళ్ళు మూసుకున్నాను. మాట రాకపోతే పోనీ, విషయం ఏమిటని నన్ను నేనే అడిగాను. చవక చేప మీద పది రూపాయలు పెరిగితే కొనేవాళ్ళు వెనక్కి తగ్గుతారు. ఖరీదైన పండుగప్ప మీద అదే పది రూపాయలు పెరిగితే పట్టించుకోరు. మార్పు ఎన్ని రూపాయలన్నది కాదు, అసలు ధరలో ఎన్నో వంతన్నది ముఖ్యం. అయితే అది శాతం. "ధరలో వచ్చిన శాతం మార్పుకు డిమాండ్ పరిమాణంలో వచ్చే శాతం మార్పు" అని రాసి కింద గీత గీశాను. మిగతాదంతా వరసగా వచ్చేసింది. పరీక్ష అయ్యి గేటు దాటుతుంటే అసలు మాట గుర్తొచ్చింది. అనుపాత మార్పు. పుస్తకం తీసి చూస్తే, శాతం మార్పు అన్నా సరేనని ఉంది.

డెబ్భై నాలుగు వచ్చాయి. నాన్నకి చెబితే, "అదే పేపరా?" అని రెండుసార్లు అడిగాడు. అప్పటికి నిషేధం ముగిసి బోట్లు కదిలాయి. వేటనుంచి వచ్చిన రోజు మంచి చందువాలు రెండు ఏరి, తాటాకులో చుట్టి అమ్మ చేతికిచ్చాడు. "ఆ మేడమ్ గారికియ్యి. డబ్బులు తీసుకోమాక." షెడ్డు మాట మళ్ళీ ఎత్తలేదు.

మేడమ్ ఆ చేపలు చూసి, మొదటిసారి మొప్పలెత్తి చూసి, "ఎంత ఎర్రగా ఉన్నాయో" అని మురిసిపోయారు. ఆ పూటే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, రెండో సంవత్సరం పుస్తకం తెరిచారు. డిగ్రీ అయ్యేదాకా నేను ఆ వరండాకి వెళ్తూనే ఉన్నాను. పీజీ ప్రవేశ పరీక్షకి దరఖాస్తు నింపింది ఆవిడే. నా దగ్గర ఒక్క రూపాయి తీసుకోలేదు. అమ్మ ఎప్పుడైనా ఉచితంగా చేప ఇవ్వబోతే మాత్రం కోప్పడేవారు. నాన్న పంపించిన ఆ రెండు చందువాలే ఆవిడ ఊరికే పుచ్చుకున్నవి.

ఇప్పుడు నేను చల్లపల్లిలో ఒక జూనియర్ కాలేజీలో అర్థశాస్త్రం చెబుతున్నాను. అవనిగడ్డ వైపునుంచి, నాగాయలంక వైపునుంచి బస్సుల్లో వస్తారు పిల్లలు. పొలాల్లో, రొయ్యల చెరువుల మీద బతికే ఇళ్ళవాళ్ళే ఎక్కువ. వాళ్ళకీ నాలాగే విషయం ముందే తెలిసి ఉంటుంది, పేరే తెలియదు. ఒక్కొక్కసారి మాదిరి జవాబులు నేర్పడం నాకే విసుగనిపిస్తుంది. కొందరు తోటి లెక్చరర్లు పిల్లలకి ఆ ముఖ్యమైన మాటలు మాత్రమే ఇచ్చి, మిగతాది వదిలేస్తారు. దానితో మార్కులు వస్తాయి, కాదనను. నాకు అలా చెప్పడానికి మనసొప్పదు. మాట ఇస్తే, ఆ మాట లేకపోతే ఏం పోతుందో కూడా చూపించాలి. అది నాకు ఒకరు ఓపిగ్గా చేసి పెట్టిన పని.

మొదటిసారి స్పాట్‌కి వెళ్ళినప్పుడు, కట్టలో ఒక పేపరు చూసి ఆగిపోయాను. ఉప్పు మడుల గురించి ఒకటిన్నర పేజీ రాసి ఉంది, ఒక్క గీత లేకుండా. గడియారం చూసుకుని, మొదటి నుంచి చివరి దాకా చదివాను. కింద గీత గీయాల్సిన మాటలు లేవు గానీ షరతులు రెండు ఉన్నాయి. పటం లేదు. ఎంత వెయ్యాలో తెలియక మా చీఫ్ ఎగ్జామినర్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని, చదివి, "భావం ఉన్నచోట వెయ్యమ్మా, లేని పటానికి మాత్రం వెయ్యలేం" అన్నారు. అయిదు వేశాను. ఆ పిల్లో పిల్లాడో ఎవరో నాకు తెలియదు, తెలిసే వీలూ లేదు.

పోయిన ఏడాది మేడమ్ బంధువుల ఇంటికని చల్లపల్లి వచ్చి, చెప్పకుండా మా కాలేజీకి వచ్చారు. ప్రిన్సిపాల్ గారు క్లాసులోకి పంపించారు. నేను బోర్డు వైపు తిరిగి ఉండగా ఆవిడ వెనక బెంచీలో అమ్మాయిల మధ్య కూర్చున్నారు. ఇటు తిరిగేసరికి ఆవిడ కనిపించారు. అయినా పాఠం ఆపలేదు. ఉపాంత ప్రయోజనం నిర్వచనం చెప్పి రాసుకోమన్నాను.

"ఒక వస్తువును అదనంగా ఒక యూనిట్ వినియోగించినప్పుడు కలిగే ప్రయోజనం."

పిల్లలందరూ తల వంచి రాసుకుంటున్నారు. వెనక బెంచీలో ఒక చెయ్యి లేచింది.

"టీచరుగారూ, మొత్తం ప్రయోజనంలో వచ్చే మార్పు అని చెప్పలేదండీ."

క్లాసంతా వెనక్కి తిరిగింది. తెల్లజుట్టు విద్యార్థిని చూసి అమ్మాయిలు కిసుక్కున నవ్వారు. నేను కూడా నవ్వాను. బోర్డు తుడిచి, ఆవిడ చెప్పినట్టే మళ్ళీ రాశాను. కింద గీత గీశాను. ఆవిడ తన హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న నోట్సు తీసి, పక్క అమ్మాయి దగ్గర పెన్ను అడిగి తీసుకుని, అందరితోపాటు రాసుకోవడం మొదలుపెట్టారు.